రావిచెట్టు ఎదుటి బేకరీకి పేరు కావాలి

‘మంచి పేరు పెట్టండి. మోడ్రన్‌గా ఉండాలి, తెలుగుదనం ఉండాలి, అందరికీ నచ్చాలి, ఇంతవరకూ ఎవరూ పెట్టనిదై ఉండాలి.’ చిన్న ఊళ్ల దుకాణదారుల నుంచి డిజైనర్లకు వెళ్లే సందేశాలు చాలావరకు ఈ నాలుగు ముక్కల్లోనే ఉంటాయి. చదివితే ఇందులో తప్పేమీ కనబడదు. కానీ ఇదే సందేశాన్ని బట్టల కొట్టువాళ్లు పంపొచ్చు, మందుల షాపువాళ్లు పంపొచ్చు. పంపిన దుకాణం ఎలాంటిదో ఇందులో ఒక్క మాటా లేదు. కాబట్టి డిజైనర్ తన బుర్రలో అప్పటికే ఉన్న పేర్లను తీసి ఇస్తాడు. అవి నచ్చవు. ఎందుకు నచ్చలేదో యజమాని చెప్పలేరు, ఏం మార్చాలో డిజైనర్‌కు తెలియదు. నెల గడిచాక ఇద్దరూ విసిగిపోయి, ఫ్లెక్సీ షాపులో అప్పటికప్పుడు తట్టిన పేరుతో బోర్డు కొట్టించేస్తారు.

పేరు కావాలని రాసే సందేశంలో పేరు గురించి ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని నా నమ్మకం. ఉండాల్సింది దుకాణం గురించి. ఏం అమ్ముతారు, ఎవరు కొంటారు, ఆ పేరును ఎవరి నోట, ఎక్కడ, ఏ పరిస్థితిలో పలకాల్సి వస్తుంది అనేవి ఉండాలి. ఒక బేకరీని ఉదాహరణగా పెట్టుకుని దీన్ని చూద్దాం. ఈ బేకరీ, దాని యజమానురాలు, ఆమె రాసిన సందేశం నేను నమూనాగా అల్లినవి. ఇందులోని చిక్కులు మాత్రం మన పట్టణాల్లోని బేకరీలకు నిజంగా ఉన్నవే.

గోదావరి ప్రాంతంలో బస్టాండు, రెండు సినిమాహాళ్లు, ఒక జూనియర్ కాలేజీ ఉన్న ఊరు అనుకోండి. ఆమె మామగారు పెట్టిన దుకాణం పేరు ‘శ్రీ వెంకటేశ్వర బెంగళూరు బేకరీ’. మన ఊళ్లలో బెంగళూరు బేకరీ, అయ్యంగార్ బేకరీ అనే బోర్డులు ఎన్నున్నాయో అందరికీ తెలుసు. కర్ణాటకలోని హాసన్ ప్రాంతం నుంచి బెంగళూరు చేరిన అయ్యంగార్లు అక్కడ బ్రెడ్డుకూ బన్నుకూ కారం బిస్కెట్లకూ గొప్ప పేరు తెచ్చారు. ఆ పేరులో కాస్త మన బోర్డు మీదికి వస్తుందన్న ఆశతో మిగతా ఊళ్లవాళ్లు ఆ మాటను వాడుకున్నారు. మొదట పెట్టినవాళ్లకు అది బాగానే పనిచేసింది. అదే ఊళ్లో రెండోవాళ్లు, మూడోవాళ్లు కూడా పెట్టాక ఆ మాటకు గుర్తుపట్టించే బలం పోయింది.

ఊరి పేరు పెట్టుకోవడమే పొరపాటు అనుకోనక్కర్లేదు. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి హైదరాబాద్ వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన దుకాణానికి కరాచీ బేకరీ అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లో ఇంకెవరికీ ఆ పేరుతో పని లేదు, ఆయనకు ఉంది. అందుకే అది ఒక్క దుకాణానికే అతుక్కుపోయింది. ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా మీద ఆ మాట చూస్తే మనకు గుర్తొచ్చేది హైదరాబాదే. భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా ఆ పేరు మార్చమని గొడవలు జరిగాయి. 2019లో బెంగళూరులో, 2025లో హైదరాబాద్‌లో అదే జరిగింది. పెట్టినవారి మనసులో లేని అర్థాలు కాలం గడిచేకొద్దీ పేరుకు ఎలా వచ్చి చేరతాయో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

ఇక మన యజమానురాలు విజయవాడలోని డిజైనర్‌కు వాట్సాప్‌లో పంపిన సందేశం చూద్దాం.

“నమస్తే అండి. మా మేనల్లుడు మీ నంబరిచ్చాడు. మాది బస్టాండు వెనక రోడ్డులో బేకరీ. మా మామగారు 2003లో పెట్టారు. ఇప్పుడు నేనూ మావారూ చూసుకుంటున్నాం. కౌంటరూ లెక్కలూ నావి, బట్టీ పని ఆయనది.

పేరెందుకు మార్చాలనుకుంటున్నామో ముందు చెప్తాను. ఊళ్లో ఇంకో రెండు బెంగళూరు బేకరీలున్నాయి. మొన్న డిసెంబరు 31న మాకు ఫోన్లో కేకు చెప్పినవాళ్లు సినిమాహాలు దగ్గర బేకరీకెళ్లి, మా కేకేదని గొడవపడ్డారు. మేము చేసి పెట్టిన కేకు ఇక్కడే ఉండిపోయింది. వాళ్ల తప్పూ లేదు, ఆ బేకరీవాళ్ల తప్పూ లేదు. పేరు అలా ఉంది.

మా దగ్గర పొద్దున ఐదున్నరకి మొదటి ట్రే బయటికొస్తుంది. బ్రెడ్డు, బన్ను. టీకొట్లవాళ్లూ, ఆసుపత్రిలో మనుషులున్నవాళ్లూ వచ్చి తీసుకెళ్తారు. నాలుగింటికి స్కూలు వదిలాక ఎగ్ పఫ్, కర్రీ పఫ్, దిల్‌పసంద్. ఆరు దాటాక కేకులు, ఎక్కువ అరకేజీవే. రోజు బేరంలో సగం పైగా కారం సరుకండి, అందుకని స్వీట్ షాపులా వినపడే పేరొద్దు. పఫ్‌లో మేం వాడేది మార్జరీన్, వెన్న కాదు. బ్రెడ్డు మైదాదే. గుడ్డు వాడతాం, ముందు చెప్తేనే గుడ్డు లేకుండా చేస్తాం. లేనిది పేరులో చెప్పించకండి.

కొనేవాళ్లలో సగం మంది పల్లెల నుంచి బస్సులో వచ్చేవాళ్లు. పేరు చదివి కాదు, విని గుర్తుపెట్టుకుంటారు. కేకులు ఫోన్లోనే చెప్తారు. బస్సు హారన్ల మధ్య ఫోనెత్తి పేరు చెప్తే అవతలివాళ్లకి ఒక్కసారికే వినపడాలి. ఆటోవాళ్లు మమ్మల్ని రావిచెట్టు బేకరీ అంటారు, ఎదురుగా పెద్ద రావిచెట్టుంది లెండి.

బ్రెడ్డు ప్యాకెట్లు కిరాణా కొట్లకి వెయ్యాలని అనుకుంటున్నాం. రెండేళ్లలో పక్క ఊళ్లో ఇంకో కౌంటరు కూడా. అక్కడ బట్టీ ఉండదు, సరుకు ఇక్కణ్ణుంచే వెళ్తుంది. అందుకని ఈ ఊరి పేరు కలపొద్దు.

దేవుడి పేరొద్దండి. కవరు చింపి రోడ్డు మీద పారేస్తారు, దాన్ని తొక్కుతుంటే నాకు చూడబుద్ధి కాదు. మా పిల్లల పేర్లొద్దు. ఫ్రెష్, టేస్టీ, న్యూ అనేవి ఊళ్లో ప్రతి బోర్డు మీదా ఉన్నాయి, అవీ వద్దు.

బోర్డు 12 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. తెలుగు పెద్దగా ఉండాలి, మలుపు తిరిగే బస్సులోంచి కనపడాలి. కేకు డబ్బా మీదా బ్రెడ్డు కవరు మీదా ఒక్క రంగులోనే అచ్చు వేయిస్తాం. మూడు నుంచి ఐదు పేర్లు పంపండి, ఒక్కోటి ఎందుకనుకున్నారో రెండు ముక్కలు రాయండి. లోగో తర్వాత చూద్దాం. ఖాయం చేసేది నేనూ మావారూ. మామగారికి చెప్తాం. మీకెంతివ్వాలో చెప్పండి. లోగో అయ్యాక దాని మీద హక్కులు మాకు రాసిస్తారా అనేది కూడా చెప్పండి.”

ఇందులో ‘మోడ్రన్’ లేదు, ‘క్యాచీ’ లేదు. అయినా డిజైనర్ పని సగం అయిపోయింది. బేరంలో సగం కారం సరుకని తెలిశాక తీపిని తలపించే పేర్లన్నీ జాబితాలోంచి పోతాయి. పక్క ఊళ్లో కౌంటరు వస్తుందని తెలిశాక బస్టాండు, వీధి, ఊరు అనే మాటలు పోతాయి. కొనేవాళ్లు చెవితో గుర్తుపెట్టుకుంటారని తెలిశాక, కాగితం మీద మాత్రమే అందంగా ఉండే పేర్లు పోతాయి. ఎవరు ఖాయం చేస్తారో చెప్పిన వాక్యాన్ని చాలామంది రాయరు. నిర్ణయించేవాళ్లు ఇద్దరైతే పేరు తేలుతుంది. కుటుంబ గ్రూపులో ఇరవై మందికి పంపితే, ఎవరికీ అభ్యంతరం లేని పేరు ఒక్కటే మిగులుతుంది. అది ఊళ్లో అప్పటికే ఎవరో పెట్టుకున్న పేరే అయి ఉంటుంది.

దేవుడి పేరు వద్దనడానికి ఆమె చెప్పిన కారణం రోడ్డు మీద పడే కవరు. చట్టం వైపు నుంచీ మరో కారణం ఉంది. దైవనామాలు, పవిత్ర గ్రంథాల పేర్లు అందరివీ. వాటిని ఒక్కరి వ్యాపార చిహ్నంగా కాపాడుకోవడం కష్టం. అగరొత్తులకు ‘రామాయణ్’ అనే పేరును ట్రేడ్‌మార్క్‌గా కోరిన కేసులో, పవిత్ర గ్రంథం పేరు మీద ఒక్కరికే హక్కు ఇవ్వలేమని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. భక్తితో దేవుడి పేరు పెట్టుకున్నవాళ్లను ఎవరూ ఆపరు. కానీ ఎదురు వీధిలో ఇంకొకరు అదే పేరు పెట్టినా ఆపే దారి ఉండదు.

డిజైనర్ ఐదు పేర్లు పంపాడు: తృప్తి, నవనీతం, కోడికూత, ఐదున్నర, రావిచెట్టు.

‘తృప్తి’ అందరికీ అర్థమయ్యే మాట, వినడానికీ బాగుంటుంది. అది బోర్డు మీద ఓడిపోయింది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు వస్తాయి. 3 అడుగుల బోర్డులో అంచులకు చోటు వదిలి, ‘తృ’ కింద వట్రసుడికీ ‘ప్తి’ కింద వత్తుకూ పైన గుడికీ చోటిస్తే, అసలు అక్షరం బోర్డు ఎత్తులో సగం కూడా రాదు. మలుపు తిరిగే బస్సులో కూర్చున్న మనిషి కంటికి ఆనేది ఆ అసలు అక్షరమే. వత్తులు తక్కువున్న పేరైతే అదే బోర్డు మీద అక్షరాన్ని ఎంతో పెద్దగా రాయొచ్చు. ఇంగ్లిష్ అక్షరాల చిక్కు ఇంకొకటి. ఈ పేరును ఒకరు Trupti అని, ఇంకొకరు Thrupthi అని, మరొకరు Tripti అని టైప్ చేస్తారు. మ్యాప్‌లో వెతికేవాళ్లు మూడు దారుల్లో పోతారు. పైగా ఈ పేరుతో హోటళ్లు, మెస్సులు ఇప్పటికే చాలా ఊళ్లలో ఉన్నాయి.

బోర్డు మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. ఇప్పుడు చాలామంది ఫ్లెక్సీకి బదులు అక్రిలిక్ అక్షరాలను కోయించి, లోపల ఎల్‌ఈడీలు పెట్టిస్తున్నారు. ప, స, హ లాంటి అక్షరాల తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరానికి అంటకుండా విడిగా ఉంటుంది. కోసినప్పుడు అది వేరే ముక్క అవుతుంది, దాన్ని విడిగా బిగించాలి, దానికి వేరే వైరు లాగాలి. గాలివానలకు ముందుగా ఊడిపోయేది అదే. అలాంటి ముక్కలు ఎక్కువగా వచ్చే పేరైతే, తలకట్టు అక్షరానికి అంటుకునేలా గీయమని డిజైనర్‌కు ముందే చెప్పాలి.

‘నవనీతం’ మీద ఆమె మనసు పడింది. నాలుగే అక్షరాలు, ఒక్క వత్తు లేదు. వినసొంపుగా ఉంది. వాళ్లాయనే వద్దన్నారు. పఫ్‌లో ఉన్నది మార్జరీన్ అయినప్పుడు బోర్డు మీద వెన్న పేరు ఎలా పెడతామని అడిగారు. ఆ ప్రశ్న సరైనది. పఫ్ పొరలు విడివిడిగా రావాలంటే పిండి మడతల మధ్య కొవ్వు కరిగిపోకుండా నిలవాలి. వెన్న ఒంటి వేడికే కరిగిపోతుంది, మన ఎండల్లో చల్లటి గది లేకుండా దాన్ని మడతల మధ్య నిలపడం కష్టం. పఫ్‌ల కోసం తయారయ్యే మార్జరీన్ అంతకన్నా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, ధరా తక్కువ. అందుకే చిన్న బేకరీలు దాన్నే వాడతాయి. అది దాచాల్సిన విషయం కాదు, కానీ పేరు దానికి ఎదురు చెప్పకూడదు. 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం 9వ సెక్షన్ రెండు వైపుల నుంచి ఈ పేరును పట్టుకుంటుంది. వెన్నతో చేసిన సరుకైతే ఆ మాట సరుకును వర్ణించేది అవుతుంది, వర్ణించే మాటను ఒక్కరికే ఇవ్వరు. వెన్న లేకపోతే అది కొనేవాళ్లను పొరబాటు పట్టించేది అవుతుంది, అదీ ఇవ్వరు. మైదాతో బ్రెడ్డు చేసే బేకరీకి ‘గోధుమ’ అని పెట్టినా, గుడ్డు వాడే బేకరీకి శాకాహారం తోచే పేరు పెట్టినా చిక్కు ఇలాంటిదే. మన ఆహార నిబంధనల ప్రకారం గుడ్డు కలిసిన ప్యాకెట్ మీద మాంసాహార గుర్తు వేయాలి. పైన పేరు ఒకటి చెప్తుంటే కింద గుర్తు ఇంకొకటి చెప్పడం కొనేవాళ్లకు కనబడుతుంది. ఆమె సందేశంలో ‘లేనిది పేరులో చెప్పించకండి’ అన్న వాక్యం ఇందుకే విలువైనది. డిజైనర్ ఆ వాక్యాన్ని సరిగ్గా చదివి ఉంటే ఈ పేరు పంపేవాడే కాదు.

‘కోడికూత’ వాళ్లాయనకు నచ్చింది. తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి కలిపే మనిషి ఆయన. పేరును కాగితం మీద చూపకుండా, దుకాణం సంగతి తెలియనివాళ్లకు ఫోన్ చేసి ఒక్కసారి వినిపించడమే దానికి సరైన పరీక్ష. ఆమె రాజమండ్రిలో ఉన్న చిన్నాన్న కూతురికి ఫోన్ చేసి, “కోడికూత నుంచి మాట్లాడుతున్నానండీ, మీ ఆర్డరు సిద్ధమైంది” అంది. “అక్కా, చికెన్ కొట్టు పెట్టారా?” అని వచ్చింది జవాబు. ఆ పేరు అక్కడితో ఆగింది. ఈ పరీక్షను ఐదారుగురి మీద చేయాలి. విన్నది ఏమిటని అప్పుడే అడగాలి, మర్నాడు మళ్లీ ఫోన్ చేసి గుర్తుందా అని అడగాలి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా రాస్తారో మెసేజ్ పెట్టమనాలి. ‘పేరు బాగుందా?’ అని మాత్రం అడగకూడదు. దానికి అందరూ బాగుందనే అంటారు.

‘ఐదున్నర’ డిజైనర్‌కు అన్నిటికన్నా ఇష్టమైనది. సందేశంలోంచి ఏరుకున్న మాట, ఇంకే బేకరీకీ లేనిది. నాకూ అది ఇష్టమే. కానీ అది ఒక సమయానికి మాటిచ్చే పేరు. కరెంటు పోయిన రోజు, మావారికి జ్వరం వచ్చిన రోజు ఆ మాట తప్పుతుందని ఆమె అన్నది. పక్క ఊరి కౌంటరుకు సరుకు చేరేది ఏడింటికి. ఒకరు అక్షరాల్లో, ఇంకొకరు అంకెల్లో టైప్ చేస్తారు. ఫోనెత్తి ‘ఐదున్నర’ అంటే, ఐదున్నరకి ఏమిటని అడుగుతారు. చివరికి ఆ సంగతి బోర్డు అడుగున చిన్న వాక్యంగా మారింది: ‘మొదటి ట్రే పొద్దున ఐదున్నరకి’. రేపు వేళ మారితే ఆ వాక్యాన్ని మార్చుకోవచ్చు, పేరు జోలికి పోనక్కర్లేదు.

మిగిలింది ‘రావిచెట్టు’. ఆమె దాన్ని మొదట పట్టించుకోలేదు. చెట్టు పేరు పెడితే మొక్కల నర్సరీ అనుకుంటారని ఒక అనుమానం. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చెట్టు కొట్టేస్తే ఏం చెప్పుకుంటామని ఇంకొకటి. పక్క ఊళ్లో కౌంటరు దగ్గర రావిచెట్టు ఉండదు కదా అన్నది మూడోది. మూడూ ఆలోచించాల్సినవే.

బేకరీ అన్న మాటను పేరు వెంట ఎప్పుడూ ఉంచితే మొదటి అనుమానం తీరుతుంది. మిగతా రెండింటికీ జవాబు, పేరుకు బలం ఎక్కడి నుంచి వస్తుందన్న దానిలో ఉంది. సరుకును నేరుగా చెప్పే పేరు, ‘ఫ్రెష్ బ్రెడ్’ లాంటిది, అన్నిటికన్నా బలహీనమైనది. దాన్ని వాడే హక్కు అందరికీ ఉంది. సరుకును తోపించే పేరు, ‘ఐదున్నర’ లాంటిది, ఇంకొంచెం బలమైనది. సరుకుతో సంబంధం లేని మామూలు మాట అంతకన్నా బలమైనది. రావిచెట్టుకూ బ్రెడ్డుకూ సంబంధం లేదు కాబట్టే, ఆ మాట బ్రెడ్డు ప్యాకెట్ మీద కనబడితే అది ఒక దుకాణాన్ని సూచించే గుర్తు అవుతుంది. పక్క ఊళ్లో అమ్మినా, చెట్టు లేని చోట అమ్మినా ఆ గుర్తు పనిచేస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని కరాచీ పేరు మోసిన బేకరీ కూడా ఇలాగే నిలబడింది.

ఆటోవాళ్ల నోట ఆ పేరు ముందే ఉండటం మరో లాభం. కొత్త పేరును ఊరికి అలవాటు చేయడానికి పట్టే కాలం తగ్గుతుంది. అందుకే సందేశంలో ‘మమ్మల్ని జనం ఏమంటారు’ అన్న వాక్యం తప్పక ఉండాలి. అన్నిసార్లూ అది పేరుగా పనికొస్తుందని కాదు. ఎదురుగా ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్ అయితే ‘ట్రాన్స్‌ఫార్మర్ బేకరీ’ అని ఎవరూ పెట్టుకోరు.

ఈ పేరుకూ హద్దులున్నాయి. ఆ చెట్టు దగ్గరున్న మిగతా దుకాణాలవాళ్లు తమ చిరునామాలో ‘రావిచెట్టు ఎదురుగా’ అని రాసుకుంటే ఆపలేరు. అది నిజాయితీగా చోటు చెప్పుకోవడం. పక్కన ఎవరైనా ‘రావిచెట్టు టిఫిన్స్’ పెడితే మాత్రం తగాదాకు వీలుంది, అప్పుడు ఎవరు ముందు వాడారన్నది ముఖ్యం అవుతుంది. కొత్త పేరుతో ఇచ్చిన మొదటి బిల్లు, బోర్డు ఎత్తిన రోజు తేదీ కనిపించే ఫొటో, కవర్లు అచ్చు వేసిన ప్రెస్సు బిల్లు దాచుకోవాలి. రాయలసీమ, తెలంగాణ వైపు చాలామంది ఈ చెట్టును రాగిచెట్టు అంటారు. రాగి బిస్కెట్లు కూడా అమ్మే బేకరీకి అదొక చిన్న గందరగోళం. గోదావరి వైపు ఆ ఇబ్బంది తక్కువ.

డిజైనర్ ముద్దుగా ఉంటుందని ‘రావి’ అని కుదించబోయాడు. ఇంగ్లిష్‌లో Ravi అని రాయగానే అది రవి అనే మనిషి బేకరీ అయిపోయింది. వెతికితే ఆ పేరుతో లెక్కలేనన్ని దుకాణాలు వస్తాయి. కాబట్టి రెండు మాటల్నీ విడదీయకుండా, ఫోన్ పరీక్షలో ఎక్కువమంది రాసిన స్పెల్లింగే ఖాయం చేశారు: Ravichettu. బోర్డు మీద, మ్యాప్‌లో, యూపీఐ క్యూఆర్ కార్డు మీద ఎక్కడా దానికి ఇంకొక రూపం ఉండకూడదు.

డిజైనర్‌కు లోగో పని చెప్పేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకాలి. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. Wordmark దగ్గర పేరు, Class దగ్గర 30 కొడితే చాలు. బ్రెడ్డు, బిస్కెట్లు, కేకులు 30వ తరగతిలోకి వస్తాయి. తర్వాత Phonetic అనే రెండో రకం వెతుకులాట కూడా చేయాలి, ఎందుకంటే చట్టం చూసేది స్పెల్లింగ్ ఒక్కటే కాదు, చెవికి ఎలా వినబడుతుందో కూడా చూస్తుంది. ‘అమృతధార’ మందువాళ్లు ‘లక్ష్మణ్‌ధార’ అనే పేరు మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 1962లో ఇదే చెప్పింది. రెండు మాటల్నీ ముక్కలు చేసి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. కానీ కొనే మనిషి అలా చూడడు, సగం సగం గుర్తుతో మొత్తం పేరును వింటాడు, పొరబడతాడు అన్నది కోర్టు మాట. ఆ కేసు ప్రత్యేక పరిస్థితుల వల్ల రెండో పేరును ఉత్తరప్రదేశ్ వరకు ఉండనిచ్చారు, కానీ పోలికను చూసే ఆ పద్ధతినే కోర్టులు నేటికీ వాడుతున్నాయి. కాబట్టి దగ్గరగా వినబడే పేరు 30వ తరగతిలో కనిపిస్తే ఇక్కడే ఆగి, జాబితాలో వెనక్కి వెళ్లాలి. బోర్డు ఎత్తాక నోటీసు రావడం కన్నా ఇది ఎంతో చవక.

ఒక వ్యక్తి గానీ చిన్న సంస్థ గానీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి ప్రభుత్వ రుసుము రూ. 4,500. కూర్చుని తినే ఏర్పాటు ఉంటే 43వ తరగతి కూడా కావాలి. ఈమె దుకాణంలో కుర్చీలు లేవు, కిరాణా కొట్లకు వెళ్లేది ప్యాకెట్టు. అందుకని ప్రస్తుతానికి 30 ఒక్కటే చాలు. పక్క ఊళ్లో బల్లలు వేస్తే రెండోది అప్పుడు చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, లేకపోయినా ముందు నుంచి వాడుతున్నవాళ్లకు కొంత రక్షణ ఉంటుంది. కానీ సరుకు ఊరు దాటి వెళ్లేటప్పుడు దాన్ని నిరూపించుకోవడం కష్టం.

లోగో మీద హక్కుల గురించి ఆమె అడిగిన ప్రశ్నకు డిజైనర్ జవాబు రాతలో ఉండాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన గీసిన బొమ్మ మీద హక్కు తనంతట తానే కొన్నవారికి వచ్చేస్తుందని అనుకోకూడదు. చివరి చెల్లింపు రోజున, హక్కులు బదిలీ చేస్తున్నట్టు సంతకంతో ఒక కాగితం తీసుకోవాలి. దానితోపాటు ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ ఫైలు, ఒకే రంగులో అచ్చయ్యే రూపం తీసుకోవాలి. లేకపోతే బ్రెడ్డు కవరు ప్రెస్సువాళ్లు ఫోన్లో వచ్చిన బొమ్మను పెద్దది చేసి మసకగా వేస్తారు.

ఇక మార్చే క్రమం. ముందు కాగితాలు, తర్వాత కవర్లు, చివర బోర్డు. జీఎస్టీ ఉన్నవాళ్లు వ్యాపార నామం మారిన 15 రోజుల్లో పోర్టల్‌లో సవరణకు దరఖాస్తు చేయాలి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్, మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా కూడా అదే పేరుకు రావాలి. పాత కవర్లు ఎన్ని మిగిలాయో లెక్క చూసుకుని, అవి అయిపోయే వేళకు బోర్డు మార్చడం మేలు. మన షాపుల చట్టం నిబంధనల ప్రకారం బోర్డు మీద తెలుగు ఉండాలి, ఇతర భాషలు దాని కింద రావాలి. ఆమె ఎలాగూ తెలుగే పెద్దగా కావాలంది. కొన్ని నెలలపాటు బోర్డు మూలన ‘పాత శ్రీ వెంకటేశ్వర బెంగళూరు బేకరీ’ అని చిన్నగా ఉంచితే, పల్లెల నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్లు వెతుక్కోనక్కర్లేదు.

దరఖాస్తు పెట్టగానే రిజిస్ట్రేషన్ వచ్చేయదు. పరిశీలకుడు అభ్యంతరం చెప్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒప్పుకుంటే పేరును ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురిస్తారు. ఎవరైనా వ్యతిరేకించడానికి 4 నెలల గడువు ఉంటుంది. అవన్నీ దాటాక వచ్చే రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు నడుస్తుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. ఈలోగా బ్రెడ్డు కవరు మీద పేరు పక్కన ™ వేసుకోవచ్చు. వలయంలో ఆర్ ఉండే ® గుర్తును మాత్రం సర్టిఫికెట్ చేతికి రాకముందు వేస్తే అది చట్టవిరుద్ధం. కవర్లు అచ్చుకు ఇచ్చేటప్పుడు ప్రెస్సువాళ్లు అందం కోసమని దాన్ని చేర్చేస్తుంటారు. ప్రూఫు చూసేటప్పుడు ఆ మూల ఒకసారి గమనించాలి.